మంచి కోడ్‌కు ‘వద్దు’ అని ఉత్తరం రాయడం ఎలా

తప్పులున్న పుల్ రిక్వెస్ట్‌ను వెనక్కి పంపడం పెద్ద కష్టం కాదు. తప్పు ఎక్కడుందో చూపిస్తే రాసినవారు దిద్దుకుని మళ్లీ పంపుతారు. కోడ్ శుభ్రంగా ఉండి, టెస్టులన్నీ పాసై, రాసినవారు ఎన్నో సాయంత్రాలు దానికి ధారపోసి, అయినా అది మీ ప్రాజెక్టు వెళ్తున్న దారికి చెందనిదైతే, అప్పుడు రాయవలసిన ఉత్తరమే కష్టం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవారికి ఇది తప్పకుండా ఎదురవుతుంది. నాకు ఎదురైన ఒక సందర్భాన్ని ముందు పెట్టుకుని, ఆ ఉత్తరం ఎలా రాయాలో చెబుతాను.

నేను ఉండేది విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీలో. ఉద్యోగం అయ్యాక మిగిలిన సమయంలో ఒక చిన్న పైథాన్ లైబ్రరీని చూసుకుంటాను. తెలుగు మాటను అక్షరాలుగా విడదీయడం తప్ప అది మరే పనీ చేయదు. ఆ పని ఎందుకు అవసరమో తెలియాలంటే మన ఊరి పేరునే తీసుకోండి. ‘విశాఖపట్నం’ పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 10 అంటుంది. గుడి, దీర్ఘం, పొల్లు, సున్న అన్నిటినీ అది విడివిడిగా లెక్కపెడుతుంది. చదివేవారి కంటికి మాత్రం ఉన్నవి వి, శా, ఖ, ప, ట్నం అనే ఐదే. ఆ ఐదింటినీ సరిగ్గా ఇవ్వడమే మా లైబ్రరీ పని.

ఒక సెప్టెంబర్ మొదటి వారంలో గాజువాక నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి పుల్ రిక్వెస్ట్ పంపారు. దాని సంఖ్య 57. మా లైబ్రరీకి ఛందస్సు నేర్పారు ఆయన. పద్యం ఇస్తే ప్రతి అక్షరం గురువో లఘువో చెప్పి, గణాలు కట్టి, అది ఉత్పలమాలో చంపకమాలో శార్దూలమో మత్తేభమో తేల్చే కోడ్ అది. సుమారు 900 వరుసలు. వాళ్ల తాతగారు నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్న పద్యాలను టైపు చేసి, వాటితోనే టెస్టులు రాశానని వివరణలో చెప్పారు. చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. రెండోసారి చదువుతున్నప్పుడు దీన్ని కలపలేనని అర్థమైంది.

ముందుగా మీకు మీరే జవాబు చెప్పుకోండి

వ్యాఖ్య పెట్టె తెరవకముందే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కోడ్‌లో ఒక్క లోపం కూడా లేకపోతే నేను దీన్ని కలుపుతానా? కలుపుతాననే జవాబు వస్తే మీరు రాయవలసింది నిరాకరణ కాదు, సమీక్ష. కలపననే జవాబు వస్తే కోడ్‌లోని చిన్న లోపాల గురించి ఒక్క మాట కూడా రాయకూడదు. ఈ రెండింటినీ కలిపి రాసే ఉత్తరాలే మనుషులను ఎక్కువగా బాధపెడతాయి. ‘ఈ ఫంక్షన్ పేరు మార్చండి, ఇక్కడ టెస్టు చేర్చండి, ఇంకా ఇది మా పరిధిలోకి రాదేమో’ అని రాశారనుకోండి. చదివినవారు మొదటి రెండు పనులూ చేసి మళ్లీ మీ ముందుకు వస్తారు. గిట్‌హబ్‌లో `Request changes` ఎంచుకుంటే ఇవి దిద్దితే కలుపుతామనే అర్థం వస్తుంది. కలిపే ఉద్దేశం లేనప్పుడు దాన్ని నొక్కకండి.

తర్వాత, ఎందుకు కలపరో మీకే స్పష్టంగా తెలియాలి. ‘మా దిశకు సరిపోదు’ అన్న మాట కారణం కాదు, కారణం ఉండవలసిన చోట పెట్టిన మూత. ఆ మూత తీసి లోపల ఏముందో చూడండి. 57 విషయంలో నేను అదే చేశాను. కొత్త ఛందస్సు ఫైళ్లను కాసేపు పక్కన పెట్టి, పాత ఫైళ్లలో ఏం మారిందో చూశాను. అసలు విషయం అక్కడ కనిపించింది.

```python
# ఇప్పుడు
split_aksharas("రామన్")   # ['రా', 'మ', 'న్']

# 57 కలిపితే
split_aksharas("రామన్")   # ['రా', 'మన్']
```

ఛందస్సులో పొల్లు హల్లుకు సొంత లెక్క లేదు. అది ముందున్న అక్షరంలో చేరి దాన్ని గురువు చేస్తుంది. కాబట్టి ఛందస్సు ప్రకారం ‘రామన్’ రెండు గురువులు. అంటే ఆ విద్యార్థి చేసిన మార్పు ఛందస్సు లెక్కలో నూటికి నూరుపాళ్లు సరైనదే. మా లైబ్రరీ లెక్క వేరు. దాన్ని వాడుతున్నవాటిలో ఒక గళ్ల నుడికట్టు యాప్ ఉంది. అందులో ‘న్’కు సొంత గడి ఉంటుంది. ఈ మార్పు కలిపితే మూడు గడుల మాట రెండు గడులకు కుదించుకుపోతుంది. పైగా ఏ లోప సందేశమూ రాదు. కోడ్ మామూలుగానే నడుస్తుంది, గడులు మాత్రం తప్పుతాయి. ఇలా చప్పుడు లేకుండా వచ్చే తప్పు ఎవరో ఆడేవారు ఫిర్యాదు చేసేదాకా బయటపడదు.

ఐచ్ఛికంగా పెట్టవచ్చు కదా, ఛందస్సు కావాలన్నవారికి ఒక రకంగా, వద్దన్నవారికి ఇంకో రకంగా విడదీయవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. పుల్ రిక్వెస్ట్ పంపినవారూ తప్పకుండా ఇదే అడుగుతారు. అందుకే ఈ ప్రశ్నకు జవాబు ముందే వెతికిపెట్టుకోవాలి. నేను కాగితం మీద రాసి చూసుకున్నాను. ‘విశేషజ్ఞానము’ అనే సమాసంలో జ్ఞా ముందున్న ష గురువవుతుంది. ‘వాని జ్ఞానము’ అన్నప్పుడు అదే జ్ఞా ముందున్న ని లఘువుగానే ఉంటుంది, ఎందుకంటే అవి రెండు వేరు పదాలు. పద్యాన్ని కలిపి రాసినప్పుడు ఈ తేడా పట్టుకోవాలంటే ప్రోగ్రాముకు పదాలు తెలియాలి, సమాసాలు తెలియాలి, అంటే ఒక నిఘంటువు కావాలి. మా లైబ్రరీ అక్షరాల ఆకారాన్నే చూస్తుంది, పదాన్ని ఎరగదు. ఏ నిఘంటువూ లేకుండా, ఏ ఇతర ప్యాకేజీ మీదా ఆధారపడకుండా ఉండటమే దాని బలం. ఛందస్సు చేరిన రోజు నుంచి ఆ బలం పోతుంది.

ఇంకో కారణం నా గురించినది. ఉత్పలమాలలో పదో అక్షరం యతిస్థానమని నాకు తెలుసు. యతిమైత్రి ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అని ఎవరైనా వాదనకు వస్తే తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు. కోడ్‌ను ఒకసారి కలిపితే దాని మీద వచ్చే ప్రతి ఫిర్యాదుకూ నేనే జవాబుదారీ. రాసిన విద్యార్థి వచ్చే ఏడాది ఉద్యోగంలో చేరి తీరిక లేకుండా పోవచ్చు. అప్పుడు ఆ 900 వరుసలు నాకు అర్థం కాని భాషలో మిగిలిపోతాయి. ఇది సిగ్గుపడవలసిన కారణం కాదు. ఉత్తరంలో నిస్సంకోచంగా చెప్పదగిన కారణం.

ఆ దారి ఎక్కడైనా రాసి ఉందా?

కారణం దొరికాక, అది పుల్ రిక్వెస్ట్ పంపినవారికి ముందే తెలిసే అవకాశం ఉందా అని చూడండి. `README.md`, `CONTRIBUTING.md` రెండూ తెరిచి కొత్తవారి కళ్లతో చదవండి. నేను చదివితే మా `README.md` మొదటి వాక్యం ‘తెలుగు పాఠంతో పనిచేయడానికి ఒక లైబ్రరీ’ అని ఉంది. పద్యం కూడా తెలుగు పాఠమే కదా! ఆ వాక్యం చదివి ఛందస్సు తెచ్చిన మనిషిది ఏ తప్పూ లేదు.

ఇలాంటప్పుడు ఉత్తరంలో ఆ పొరపాటు మీదేనని ఒక వాక్యంలో ఒప్పుకోవాలి. ఒక్క వాక్యం చాలు. మూడు వాక్యాల క్షమాపణ రాస్తే, చదివేవారే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. దారి ముందే రాసి ఉంటే ఆ వరుసను చూపించండి, కానీ ‘చదవలేదా’ అన్న ధ్వని రానివ్వకండి.

‘చూద్దాం’ అని రాయకండి

మనం ఎవరినీ నొప్పించకుండా కాదనడానికి వాడే మాట ఇది. పెళ్లి సంబంధం నచ్చకపోయినా, అప్పు ఇవ్వడం ఇష్టం లేకపోయినా చూద్దాం అంటాం. ఎదుట కూర్చున్నవారు మన ముఖం చూసి, గొంతు విని, అసలు అర్థం గ్రహిస్తారు. పుల్ రిక్వెస్ట్ కింద రాసిన ‘చూద్దాం’కు ముఖం లేదు, గొంతు లేదు. చదివినవారు దాన్ని ఆశగానే చదువుతారు.

కొన్నేళ్ల కిందట నేను ఒకరికి అలాగే రాశాను. ‘బాగుంది, తదుపరి విడుదల తర్వాత చూద్దాం’ అని. కలపనని నాకు ఆ రోజే తెలుసు, చెప్పడానికి మనసు రాలేదు. ఆ తర్వాత మా ప్రధాన శాఖ మారినప్పుడల్లా ఆయన తన కోడ్‌ను దానికి తగ్గట్టు సర్దుతూ వచ్చారు. ఏడు నెలల్లో నాలుగుసార్లు. చివరికి నేను కాదన్నప్పుడు, ‘ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది’ అని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆయన్ను బాధపెట్టింది నా నిరాకరణ కాదు, ఆ ఏడు నెలలు.

కాబట్టి గడువు పెట్టుకోండి. పుల్ రిక్వెస్ట్ వచ్చిన రెండు మూడు రోజుల్లో ‘అందింది, ఆదివారంలోగా చదివి జవాబు రాస్తాను’ అని ఒక వరుస పెట్టండి. ఆ వరుసలో పొగడ్త వద్దు. ‘అద్భుతం’ అని మొదట రాసి ఆదివారం కాదంటే ఆ అద్భుతం అబద్ధమవుతుంది. నిర్ణయం తెలిసిన రోజే ఉత్తరం రాయండి. రాసి ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున చదివి పంపండి. అంతకుమించి ఆలస్యం చేయకండి.

మీరిద్దరూ ఒకే ఊరివారైతే ఇంకో ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. గాజువాక ఎంతో దూరం కాదు, బీచ్ రోడ్డులో కలిసి టీ తాగుతూ చెబితే సున్నితంగా ఉంటుంది కదా అనుకున్నాను. తర్వాత మానుకున్నాను. ఎదురుగా కూర్చుంటే నేను మళ్లీ చూద్దాం అనే ప్రమాదం ఉంది. అదీకాక ఆ పుల్ రిక్వెస్ట్ అందరికీ కనిపించే చోట ఉంది. కారణం కూడా అక్కడే రాసి ఉంటే, రేపు ఛందస్సు ఆలోచనతో వచ్చే ఇంకొకరికి నెల రోజుల శ్రమ తప్పుతుంది. ముందు ఉత్తరం, తర్వాత టీ.

ఉత్తరం

నేను పంపినది దాదాపు ఇలా ఉంది.

> … గారికి, నమస్కారం.
>
> మీ 57వ పుల్ రిక్వెస్ట్ పూర్తిగా చదివాను, మీ టెస్టులను నా కంప్యూటర్‌లో నడిపి చూశాను. ఈ మార్పును మా లైబ్రరీలో కలపడం లేదు. కారణం మీ కోడ్ నాణ్యత కాదు, ఈ లైబ్రరీ పరిధి.
>
> ఛందస్సులో పొల్లు హల్లు ముందు అక్షరంలో చేరుతుంది. మీరు `split_aksharas`ను అందుకు తగినట్టే మార్చారు, ఛందస్సు లెక్కలో అది సరైనది. మా లైబ్రరీ మాత్రం తెర మీద కనిపించే అక్షరాన్ని లెక్కిస్తుంది. ‘రామన్’ దానికి మూడు అక్షరాలు. గడులు, అచ్చు కొలతలు ఆ లెక్క మీద ఆధారపడి ఉన్నాయి. రెండు పద్ధతులనూ ఒకే చోట ఉంచుదామా అని ఆలోచించాను. గురులఘువులు సరిగ్గా తేలాలంటే పదాలు, సమాసాలు తెలియాలి. ఈ లైబ్రరీని నిఘంటువు అవసరం లేనిదిగానే ఉంచాలన్నది నా నిర్ణయం. యతి, ప్రాసల మీద వచ్చే ప్రశ్నలకు సరైన జవాబు చెప్పే పరిజ్ఞానం కూడా నాకు లేదు.
>
> ఈ పరిధి మా `README.md`లో రాసి లేదు. అది నా పొరపాటు. ఈ రోజే అక్కడ చేరుస్తున్నాను.
>
> మీ కోడ్ విడి ప్యాకేజీగా నిలబడగలదని నా అభిప్రాయం. మీరు అలా చేయదలిస్తే, ప్రతి అక్షరంతోపాటు అది మొదలయ్యే స్థానాన్నీ, అది పొల్లా కాదా అన్నదాన్నీ ఇచ్చే ఫంక్షన్‌ను అక్టోబర్ 15లోగా మా లైబ్రరీలో చేరుస్తాను. దానితో మీరు మా విభజనను మార్చకుండానే పొల్లును ముందు అక్షరంలో కలుపుకోవచ్చు. విడి ప్యాకేజీ చేయాలన్న ఒత్తిడి ఏమీ లేదు.
>
> ‘సాఫ్ట్‌వేర్’ మాట కోసం మీరు రాసిన టెస్టు మా కోడ్‌లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుంది. ఆ ఒక్క కమిట్‌ను మీ పేరుతోనే కలపాలనుకుంటున్నాను. మీకు అభ్యంతరం ఉంటే చెప్పండి.
>
> ఈ పుల్ రిక్వెస్ట్‌ను ఇప్పుడు మూసివేస్తున్నాను. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకున్నానని అనిపిస్తే ఇక్కడే రాయండి, చదువుతాను. మీ తాతగారి పద్యాలను టెస్టుల్లో చదవడం నాకు చాలా నచ్చింది.

నిర్ణయం రెండో వాక్యంలోనే ఉందని గమనించండి. పొగడ్తలతో మొదలుపెట్టి ‘కానీ’ దగ్గర మలుపు తిరిగే ఉత్తరాన్ని అందరూ గుర్తుపడతారు. మొదటి వాక్యం నుంచే కానీ కోసం ఎదురుచూస్తారు, ఆ పొగడ్త చెవికి ఎక్కదు. నిర్ణయం ముందే చెప్పేస్తే తర్వాత రాసిన మంచిమాటను మంచిమాటగానే తీసుకోగలుగుతారు. తాతగారి పద్యాల మాట చివర పెట్టింది అందుకే.

‘కలపలేకపోతున్నాను’ అని రాయకుండా ‘కలపడం లేదు’ అని రాశాను. ఈ మాట మీద నేను చాలాసేపు తచ్చాడాను. ‘లేకపోతున్నాను’ వినడానికి మెత్తగా ఉంటుంది. అయితే ఏదో అడ్డు ఉంది, అది తొలిగితే కలుపుతారనే అర్థం అందులో ఉంది. చదివినవారు ఆ అడ్డు తొలగించడానికి సహాయం చేస్తామంటారు. ఇక్కడ అడ్డు ఏమీ లేదు, ఉన్నది నిర్ణయం. అలాగని ‘తిరస్కరిస్తున్నాను’ కూడా వద్దు. ఆ మాట కార్యాలయం నుంచి వచ్చిన కాగితంలా ఉంటుంది, పనిని కాక మనిషినే తోసిపుచ్చినట్టు వినిపిస్తుంది.

‘మేము’ అని ఎక్కడా లేదు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నది నేనొక్కడినే. ఒక్కరే ఉండి ‘మా బృందం భావిస్తోంది’ అని రాయడం దాక్కోవడమే. నిజంగా ఇద్దరు ముగ్గురు కలిసి నిర్ణయిస్తే అప్పుడు మేము అనండి, ముందు వారిని నిజంగానే అడగండి.

వయసులో చిన్నవారని తెలిసినా ‘గారు’, ‘మీరు’ అనే రాయండి. చొరవగా ఉంటుందని ‘తమ్ముడూ’ అని మొదలుపెట్టాలనిపిస్తుంది. మామూలు మాటల్లో అది ఆప్యాయతే. కాదని చెప్పే ఉత్తరంలో మాత్రం అన్న చెప్పాడు కాబట్టి వినాలన్న బరువు దానికి వస్తుంది, తమ్ముడు ఎదురుచెప్పడానికి జంకుతాడు. ఎదురుచెప్పే స్వేచ్ఛ ఆయనకు ఉండాలి. ఇక భాష సంగతి. పుల్ రిక్వెస్ట్ వివరణ ఏ భాషలో వచ్చిందో ఆ భాషలోనే జవాబివ్వండి. ఆయన తెలుగులో రాశారు, నేను తెలుగులో రాశాను.

సాయం చేస్తానన్న చోట తేదీ రాశాను. తేదీ రాయలేని మాటను ఇవ్వవద్దు. ‘విడి ప్యాకేజీ చేయండి, మా పూర్తి మద్దతు ఉంటుంది’ అనడం తేలిక. ఆ మద్దతు ఏమిటో రాయబోతే చాలాసార్లు ఏమీ ఉండదు. ఏమీ లేకపోతే విడి ప్యాకేజీ మాట ఒక్క వాక్యంలో చెప్పి ఆగిపోండి. మేం సిద్ధంగా ఉన్నామంటూ ఊరించకండి.

మిగిలిన మంచి ముక్కను తీసుకోవడం

కలపని పుల్ రిక్వెస్ట్‌లోనూ మీ దారికి చెందిన చిన్న ముక్క ఒకటి ఉండవచ్చు. దాని కోసం నిజాయితీగా వెతకండి. దొరకకపోతే ఓదార్పు కోసం కల్పించకండి. 57లో నిజంగానే దొరికింది. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసేటప్పుడు ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం, యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. ట్, వే కలిసిపోయి వత్తు పడకుండా అది ఆపుతుంది. ఆ గుర్తు ఉంటే సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు ముక్కలు రావాలి. మా కోడ్ ఆ గుర్తును పట్టించుకోకుండా మూడే ఇస్తోంది. ఆ విద్యార్థి దాన్ని గమనించి, సవరణనూ టెస్టునూ ఒకే కమిట్‌లో విడిగా ఉంచారు. ఛందస్సుతో దానికి సంబంధమే లేదు.

అలాంటి కమిట్‌ను రాసినవారి పేరు పోకుండా తెచ్చుకోవచ్చు.

```
git fetch origin pull/57/head:pr-57
git log --oneline main..pr-57
git switch main
git cherry-pick 3f2a9c1
```

మొదటి వరుస ఆ పుల్ రిక్వెస్ట్‌ను మీ కంప్యూటర్‌లో ఒక శాఖగా దించుతుంది. రెండోది అందులోని కమిట్లను చూపిస్తుంది, వాటిలో కావలసినదాని గుర్తును చివరి వరుసలో పెట్టాలి. `cherry-pick` అసలు రచయిత పేరును అలాగే ఉంచుతుంది. మీకు కావలసిన మార్పు ఒక పెద్ద కమిట్‌లో మిగతావాటితో కలిసిపోయి ఉంటే మీరే కొత్తగా కమిట్ చేసి, సందేశం చివర ఒక ఖాళీ వరుస వదిలి, `Co-authored-by:` తర్వాత వారి పేరు, గిట్‌హబ్‌కు ఇచ్చిన ఈమెయిలు చేర్చండి. పేరు లేకుండా ఆ ముక్కను తీసుకుంటే, అంతవరకు మీరు రాసిన మర్యాదంతా వ్యర్థమైపోతుంది. పుల్ రిక్వెస్ట్ మూసేసి అందులోని ఆలోచనను తమ పేరుతో కలుపుకున్నారనే అనుకుంటారు, అలా అనుకోవడం న్యాయమే.

మూసివేయడం, ఆ తర్వాత

ఉత్తరాన్ని వ్యాఖ్య పెట్టెలో అతికించగానే కింద ఉన్న బటన్ `Close with comment`గా మారుతుంది. దాన్నే నొక్కండి. ఉత్తరం ఈ రోజు పెట్టి, మూసివేత వారం తర్వాత చేస్తే మధ్యలో మళ్లీ ఆశ పుడుతుంది. ఉత్తరం లేకుండా మూసేస్తే తలుపు ముఖం మీద వేసినట్టు ఉంటుంది. వ్యాఖ్యలకు మాత్రం తాళం వేయకండి, జవాబు చెప్పే చోటు ఉండాలి. మూసినంత మాత్రాన కోడ్ ఎక్కడికీ పోదు. రాసినవారు తమ శాఖను తొలగించినా `pull/57/head` నుంచి దాన్ని తర్వాత కూడా దించుకోవచ్చు. ఇది కొత్తవారికి తెలియకపోవచ్చు, అడిగితే చెప్పండి.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. చాలామంది సరేనంటారు, దానికి చిన్న కృతజ్ఞత చాలు. కొందరు అసలు పలకరు. వెంటపడి ‘బాధపడలేదు కదా’ అని అడగకండి, అది మీ మనసును తేలిక చేసుకోవడానికి వారిని అడగడమే. ఇంకొందరు వాదిస్తారు. వారి జవాబులో మీకు తెలియని కొత్త విషయం ఉందా అని చూడండి. ఉంటే నిజంగానే ఆలోచించి, అవసరమైతే నిర్ణయం మార్చుకోండి. పాత విషయమే కొత్త మాటల్లో వస్తే ఒక్కసారి, మొదటి కారణాన్నే మరికొంత వివరంగా చెప్పి ఆగండి. కొత్త కారణాలను పోగుచేయకండి. మొదట పరిధి అన్నవారు తర్వాత వేగం గురించి, ఆ తర్వాత కోడ్ శైలి గురించి మాట్లాడటం మొదలుపెడితే మొదటి కారణం నిజం కాదని తేలిపోతుంది.

గాజువాక విద్యార్థి మర్నాడు రాత్రి జవాబు రాశారు. నేను ఊహించినట్టే, ఐచ్ఛికంగా పెడితే ఎలా ఉంటుందని అడిగారు. ఉత్తరంలో సమాసాల సంగతి ఒక్క వాక్యంలోనే చెప్పాను కాబట్టి, విశేషజ్ఞానము, వాని జ్ఞానము రెండూ పక్కపక్కన పెట్టి వివరంగా రాశాను. ఆ ఉదాహరణ మొదటి ఉత్తరంలోనే ఉండి ఉంటే ఆయనకు ఇంకో రోజు ఎదురుచూపు తప్పేది. మీరు రాసేటప్పుడు ముఖ్యమైన కారణానికి ఒక ఉదాహరణ తప్పకుండా ఇవ్వండి.

అక్టోబర్ 12న ఆ ఫంక్షన్‌ను విడుదల చేసి, 57 కిందనే ఆ మాట రాశాను. మాట ఇచ్చిన చోటే నెరవేర్చినట్టు కూడా రాయాలి, లేకపోతే అది వారికి చేరదు. `README.md` మొదటి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: ‘తెలుగు మాటను తెర మీద కనిపించే అక్షరాలుగా విడదీసే లైబ్రరీ. పదాల అర్థం, వ్యాకరణం, ఛందస్సు దీని పరిధిలో లేవు.’ దాని కిందే 57కు లంకె ఇచ్చాను, ఎందుకు లేవో తెలుసుకోదలచినవారికి ఆ ఉత్తరమే జవాబు.

నవంబర్‌లో ఒక ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర మేమిద్దరం కలిశాం. ఆయన తాతగారి నోటుపుస్తకం వెంట తెచ్చారు. యతి కుదరలేదని తన ప్రోగ్రాము చెప్పిన ఒక చంపకమాలను చూపించి, ఇక్కడ తాతయ్య తప్పారా, నా కోడ్ తప్పిందా అని అడిగారు. నాకు తెలియదని చెప్పి, ఛందస్సు పుస్తకాల అలమర ఎక్కడుందో వెతకడానికి ఇద్దరం లోపలికి వెళ్లాం.